జేఆర్‌ఎఫ్ కోసం ఆగాలా, ఎంట్రన్స్‌తో వచ్చిన సీటులో చేరిపోవాలా?

ప్రశ్న: నేను 31 ఏళ్ల మహిళను. ఎంఏ ఎకనామిక్స్ చేశాను, 61 శాతం వచ్చింది. బీసీ, నాన్ క్రీమీలేయర్. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. జీతం 18 వేలు, అందులో నెలకు 8 వేలు ఇంట్లో ఇస్తాను. మా ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు పంపే డబ్బు ఇక్కడి కుటుంబాల్లో ఏమవుతోంది అన్న విషయం మీద పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. మొన్నటి నెట్‌లో 91 పర్సంటైల్ వచ్చింది కానీ ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అని ఉంది. ఈలోగా ఒక రాష్ట్ర యూనివర్సిటీ ఎంట్రన్స్ రాశాను, ఇంటర్వ్యూ కూడా అయింది, కేటగిరీ-2లో సీటు వచ్చింది. రెండు వారాల్లో చేరాలి. ఫెలోషిప్ గురించి అడిగితే ఆఫీసులో ‘మీకేమీ రాదు’ అన్నారు. వచ్చే నెలలో ఒక సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ స్కోరు మీద ఇంటర్వ్యూ ఉంది. అన్నయ్య మాత్రం ‘ఉద్యోగం వదలకు, ఈ ఏడాది చదివి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని దర్జాగా చేరు, ఇప్పుడు చేరితే ఆ డబ్బు ఇక ఎప్పటికీ రాదు’ అంటున్నాడు. ఫీజులు పోను నా దగ్గర లక్షా ఇరవై వేలు మిగులుతాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, జగిత్యాల జిల్లా

జవాబు: ముందుగా మీ అన్నయ్య చివర అన్న మాట తీసుకుంటాను. మీ టెన్షన్‌లో సగం దాని నుంచే వచ్చింది, అది నిజం కాదు కూడా. జేఆర్‌ఎఫ్ అంటే జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో పైన నిలిచినవారికి పీహెచ్‌డీ కోసం నెలనెలా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. ఎంట్రన్స్ రాసి చేరినవారికి ఆ తలుపు మూసుకుపోదు. చేరాక నెట్ మళ్లీ రాయవచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే అదే రిజిస్ట్రేషన్ మీద, అదే గైడ్ దగ్గర, అదే యూనివర్సిటీలో ఫెలోషిప్ తీసుకోవచ్చు. అప్పటికే పీహెచ్‌డీలో ఉన్నవారికి నెట్ ఫలితం ప్రకటించిన రోజు నుంచి ఫెలోషిప్ లెక్క మొదలవుతుంది. ఫలితం ముందు వచ్చి తర్వాత చేరినవారికి చేరిన రోజు నుంచి. రెండింటిలో ఏది తర్వాతిదైతే అది. పాత నెలలకు వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు, అంతవరకే నష్టం.

చాలామంది ప్రవేశాన్నీ డబ్బునూ ఒకే విషయంగా చూస్తారు. పీహెచ్‌డీలో ఇవి రెండూ వేరు. మీరు ఏ పరీక్షతో లోపలికి వచ్చారన్నది సీటుకు సంబంధించిన విషయం. నెల నెలా డబ్బు వస్తుందా, ఎంత వస్తుందన్నది మీ పేరు మీద ఏ ఫెలోషిప్ ఉందన్న దాన్ని బట్టి, మీరు చేరిన సంస్థ సెంట్రల్‌దా రాష్ట్రానిదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. జేఆర్‌ఎఫ్ ఒక్కటే ఈ రెంటినీ ఒకేసారి తెచ్చిపెడుతుంది. అందుకే అది లేకపోతే ఏమీ లేదన్న భావన పాతుకుపోయింది.

‘కేటగిరీ’ అనే మాటను పీహెచ్‌డీ విషయంలో రెండు అర్థాల్లో వాడతారు. ఇక్కడ చాలామంది తికమక పడతారు కాబట్టి విడదీసి చెబుతాను. నెట్ ఫలితాల్లో 2024 నుంచి మూడు వర్గాలున్నాయి. మొదటి వర్గానికి జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ ఉంటాయి. రెండో వర్గానికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది మీది, ప్రవేశం మాత్రమే. ఉస్మానియా వంటి రాష్ట్ర యూనివర్సిటీల నోటిఫికేషన్లలో కనిపించే కేటగిరీ-1, కేటగిరీ-2 పూర్తిగా వేరు. అక్కడ కేటగిరీ-1 అంటే జాతీయ స్థాయి ఫెలోషిప్ చేతిలో పెట్టుకుని వచ్చినవారు, కేటగిరీ-2 అంటే ఆ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసి వచ్చినవారు. కేటగిరీ-2లో చేరినవాళ్లకు ఆ యూనివర్సిటీ తన జేబులోంచి నెలనెలా ఇచ్చేది సాధారణంగా ఏమీ ఉండదు. ఆఫీసువాళ్లు చెప్పింది ఆ అర్థంలోనే. ‘ఈ ప్రవేశంతో పాటు ఏమీ రాదు’ అనడానికి బదులు ‘మీకేమీ రాదు’ అన్నారు, మీరు దాన్ని ఎప్పటికీ రాదని అర్థం చేసుకున్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. యూజీసీ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000. ఆ తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ మీ పని చూసి సిఫారసు చేస్తే ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌గా మారి నెలకు 42,000. మొత్తం ఐదేళ్లు, లేదా థీసిస్ సమర్పించే వరకు, ఏది ముందైతే అది. హాస్టల్ ఇవ్వకపోతే నగరాన్ని బట్టి ఇంటి అద్దె భత్యం ఉంటుంది. సోషల్ సైన్సెస్‌కు ఏడాదికి 10,000 కంటింజెన్సీ, ఎస్‌ఆర్‌ఎఫ్ దశలో 20,500. పుస్తకాలు, ఫీల్డ్ ప్రయాణాలు, ప్రింటింగ్ దానిలోంచే.

సెంట్రల్ యూనివర్సిటీలో జేఆర్‌ఎఫ్ లేకుండా, ఏ ఇతర ఫెలోషిప్పూ లేకుండా చేరినవారికి ‘నాన్ నెట్ ఫెలోషిప్’ అని ఒకటుంది. నెలకు 8,000. పేరులో నాన్ నెట్ అని ఉన్నా, నెట్‌లో ప్రవేశార్హత మాత్రమే వచ్చిన మీలాంటివారు కూడా దీని కిందికే వస్తారు. 2015లో దీన్ని ఆపేస్తామని యూజీసీ ప్రకటిస్తే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. వాళ్ల పోరాటం వల్లే అది నిలిచింది, కానీ 8,000 దగ్గరే నిలిచిపోయింది. ఏడాదికి లెక్కేస్తే జేఆర్‌ఎఫ్ 4,44,000, నాన్ నెట్ 96,000, రాష్ట్ర యూనివర్సిటీలో ఎంట్రన్స్ ద్వారా అయితే సున్నా. ఒకే సబ్జెక్టు, దాదాపు ఒకే పని, మూడు రకాల బతుకులు. ఇది న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ మీరు నిర్ణయం తీసుకోవాల్సింది ఈ లెక్కలోనే.

అన్నయ్య సలహాను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. ‘ఈ ఏడాది ఆగితే జేఆర్‌ఎఫ్‌తో చేరవచ్చు’ అన్నప్పుడు, ఆగిన ఏడాదిలో కూడా జేఆర్‌ఎఫ్ డబ్బు రాదు కదా! అంటే ఇప్పుడు చేరడం వల్ల మీరు పోగొట్టుకునేది 37,000 కాదు, మీ 18,000 జీతం. పోల్చవలసింది దానితో. ఈ ఆగస్టులో మీరు చేరి, డిసెంబర్ నెట్ రాసి, ఫిబ్రవరిలో ఫలితం వచ్చి జేఆర్‌ఎఫ్ దక్కిందనుకుందాం. ఆ ఫిబ్రవరి నుంచి రెండేళ్లు జేఆర్‌ఎఫ్, తర్వాత మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్. ఫెలోషిప్ అయిపోయేనాటికి మీరు చేరి అయిదున్నరేళ్లవుతుంది. పీహెచ్‌డీకి యూజీసీ పెట్టిన గరిష్ఠ గడువు ఆరేళ్లు. అంటే ఐదేళ్ల ఫెలోషిప్ మొత్తం ఆ గడువులోపలే సరిపోతుంది, ఒక్క నెల కూడా వృథా కాదు. రెండో ప్రయత్నంలో, అంటే చేరిన ఏడాదికి వచ్చినా కూడా సరిపోతుంది. మూడో ఏట వస్తే మాత్రం చివరి భాగం చేతికి రాకపోవచ్చు. ఎందుకంటే థీసిస్ ఇచ్చేస్తే ఫెలోషిప్ ఆగిపోతుంది, డబ్బు కోసం థీసిస్ ఆపుకుని కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

అలాగని అన్నయ్య మాటలో పస లేదని అనను. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉన్న అభ్యర్థి గైడ్‌ను ఎంచుకోగలడు. 2022 నిబంధనల ప్రకారం అతనికి రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ ఒక్కటే. నాలుగైదు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టి, తన విషయం మీద నిజంగా పనిచేస్తున్నవారి దగ్గరికి వెళ్లగలడు. ఎంట్రన్స్‌తో వచ్చినవారు చాలాసార్లు ఖాళీ ఉన్న గైడ్‌తో సర్దుకోవాలి. ఆగడం వల్ల మీకు నిజంగా కలిసొచ్చేది డబ్బు కాదు, ఈ స్వేచ్ఛ. కాబట్టి రాష్ట్ర యూనివర్సిటీలో మీకు కేటాయించే గైడ్ ఎవరో మీకిప్పటికే తెలిస్తే, వలసల మీదో గ్రామీణ ఆర్థిక వ్యవస్థ మీదో పనిచేసినవారైతే, ఆగడానికున్న ముఖ్య కారణమే పోతుంది. గైడ్ విషయం ఇంకా తేలలేదు అంటే చేరేముందే డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి కనుక్కోండి. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపున్నవారు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు మించకూడదు. చాలా డిపార్ట్‌మెంట్లలో పోస్టులు ఖాళీగా ఉండటంతో ఈ పరిమితి తగిలి, ‘తర్వాత చూద్దాం’ అంటూ నెలలు గడిచిపోతాయి.

ఇక జేఆర్‌ఎఫ్ ఎంత దూరంలో ఉందో కూడా నిజాయతీగా చూసుకోవాలి. 2024 జూన్ సెషన్‌లో సుమారు 6.84 లక్షల మంది నెట్ రాశారు. జేఆర్‌ఎఫ్ వచ్చినవారు ఐదు వేలకు కాస్త తక్కువ. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చినవారు దాదాపు 54 వేలు, పీహెచ్‌డీ ప్రవేశార్హత మాత్రమే వచ్చినవారు 1.12 లక్షలు. అంటే రాసిన ప్రతి వంద మందిలో జేఆర్‌ఎఫ్ ఒక్కరికి కూడా లేదు. మీకు 91 పర్సంటైల్ వచ్చింది, అది మంచి స్కోరే. కానీ 91 నుంచి జేఆర్‌ఎఫ్ దాకా ఎక్కడం ఒక ఏడాది చదువుతో తప్పకుండా అయ్యే పని కాదు. రిజర్వేషన్ కటాఫ్ మీకు సాయపడుతుంది కానీ ఖాయం చేయదు. ‘ఈ ఏడాది చదివి జేఆర్‌ఎఫ్ తెచ్చుకో’ అనేది ఒక ఆశ. ఆ ఆశ మీద ఉద్యోగం, సీటు రెండింటి భవిష్యత్తూ పెట్టేముందు ఈ అంకెలు అన్నయ్యకు చూపించండి.

వయసు గురించి మాత్రం కంగారు వద్దు. జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి, మహిళలకూ బీసీ నాన్ క్రీమీలేయర్‌కూ ఐదేళ్ల సడలింపు ఉంది. మీకు రెండు అర్హతలూ ఉన్నా పదేళ్లు కాదు, ఐదేళ్లే. ఏ కారణంతోనైనా మొత్తం ఐదేళ్లకు మించదు. అంటే 35 వరకు. నెట్ జూన్‌లో, డిసెంబర్‌లో ఏడాదికి రెండుసార్లు ఉంటుంది కాబట్టి మీకింకా చాలా అవకాశాలున్నాయి. పీహెచ్‌డీలో ఉన్నా లేకపోయినా అవి అవే. ఇంకో మాట, సబ్జెక్టుపై పట్టు పెరగాలంటే డిగ్రీ కాలేజీలో రోజుకు నాలుగు క్లాసులు చెప్పి వచ్చాక చదవడం కంటే కోర్స్‌వర్క్ చేస్తూ చదవడమే తేలిక. కోర్స్‌వర్క్‌లోని రీసెర్చ్ మెథడాలజీకీ నెట్ పేపర్-1లోని రీసెర్చ్ ఆప్టిట్యూడ్‌కూ చాలా దగ్గర సంబంధం ఉంది.

మీ దగ్గర ఉన్న మూడు దారుల్లో సెంట్రల్ యూనివర్సిటీ ఇంటర్వ్యూను మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. నాకైతే అదే అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. మీ నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక ఏడాదే చెల్లుతుంది. ఇప్పుడు వాడకపోతే మళ్లీ రాసి తెచ్చుకోవాల్సిందే. ఈ దారిలో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఉంటుంది. ‘91తో ఏం గెలుస్తాను’ అనుకుంటున్నారేమో, లెక్క చూడండి. ఆ యూనివర్సిటీ పర్సంటైల్‌నే లెక్కలోకి తీసుకుంటే మీ 91కి 63.7 మార్కులు వస్తాయి. 95 ఉన్నవారికి 66.5. తేడా మూడు మార్కులు కూడా లేదు. ముప్ఫైకి జరిగే ఇంటర్వ్యూలో మీకు 23, వారికి 19 వస్తే మీరే పైన ఉంటారు. అర్హత వచ్చినవారంతా పై వరుసలోనే గుంపుగా ఉంటారు కాబట్టి పర్సంటైల్ తేడాలు చిన్నవిగా మిగులుతాయి, ఇంటర్వ్యూ తేడాలే పెద్దవవుతాయి. యూనివర్సిటీ ఎంట్రన్స్‌లోనూ 70, 30 నిష్పత్తే కానీ అక్కడ లెక్కలోకి వచ్చేది పర్సంటైల్ కాదు, అసలు మార్కులు. అవి 50 నుంచి 80 దాకా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి రాత పరీక్ష బరువు ఎక్కువ. మీకు బాగా మాట్లాడే శక్తి, తెలిసిన ఊరు, సొంత ప్రశ్న ఉన్నప్పుడు నెట్ స్కోరు దారి మీకు అనుకూలమే.

ఆ ఇంటర్వ్యూలో మీ విషయం ఎందుకు ముఖ్యమో వాళ్లే ఒప్పుకుంటారు, దాని మీద ఎక్కువసేపు మాట్లాడకండి. వాళ్లు అడిగేది సమాచారం ఎక్కడిదని. కేరళలో 1998 నుంచి వలసల మీద వరుసగా సర్వేలు జరిగాయి, అక్కడ పరిశోధకుడికి ఆధారం సిద్ధంగా ఉంది. మీరు మీ జిల్లాలో ఎన్ని ఊళ్లు తీసుకుంటారు, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇంటినీ రాని ఇంటినీ ఎలా పోలుస్తారు, ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పును ఖర్చులో కలుపుతారా లేదా, బ్యాంకుతో సంబంధం లేకుండా హుండీ ద్వారా వచ్చిన డబ్బును ఇంటివాళ్లు చెప్పకపోతే ఏం చేస్తారు? వీటికి రెండు పేజీల్లో జవాబు రాసుకుని వెళ్లండి. పూర్తిగా సరైన జవాబు ఎవరూ ఆశించరు. ఈ ఇబ్బందులు ముందే మీకు తట్టాయా లేదా అన్నదే చూస్తారు.

అసలు చిక్కు తేదీలది. రాష్ట్ర యూనివర్సిటీ రెండు వారాల్లో చేరమంటోంది, సెంట్రల్ ఇంటర్వ్యూ వచ్చే నెల. నా ఆలోచన ఇలా సాగుతుంది. రాష్ట్ర యూనివర్సిటీలో చేరడానికి గడువు పొడిగించమని ముందు రాతపూర్వకంగా అడగండి. డీన్ స్థాయిలో కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే చేరండి. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తీసుకోండి. వాటిని సంస్థ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. టీసీ మాత్రం అడుగుతారు. దాన్ని ఇచ్చేటప్పుడు, మానుకుంటే తిరిగి ఇవ్వడానికి ఎన్నాళ్లు పడుతుందో, ఫీజులో ఎంత వెనక్కి వస్తుందో అడిగి తెలుసుకోండి. సెంట్రల్‌లో సీటు వస్తే ఇక్కడ మానుకుని అక్కడికి వెళ్లాలి, రెండు చోట్లా రెగ్యులర్ పీహెచ్‌డీగా ఉండటం కుదరదు. అప్పుడు పోయేది ఫీజులో కొంత భాగం. ఇంటర్వ్యూకు వెళ్లకుండా ఊరుకుంటే పోయేది దానికంటే పెద్దది.

ఇంటి లెక్క కూడా వేసుకోవాలి. హాస్టల్‌లో మెస్, ప్రయాణం, చిన్న ఖర్చులు కలిపి మీకు నెలకు 9,000 అవుతుందనుకుందాం. ఇంట్లో ఇచ్చే 8,000 కలిపితే 17,000. మీ లక్షా ఇరవై వేలు ఏడు నెలలకు అయిపోతుంది. ఆగస్టు నుంచి ఏడు నెలలంటే ఫిబ్రవరి, సరిగ్గా డిసెంబర్ నెట్ ఫలితం వచ్చే సమయం. అంటే రాష్ట్ర యూనివర్సిటీలో మీ చేతిలో ఉన్నది ఒకే ఒక్క ప్రయత్నం. ఆ 8,000 ఒక ఏడాది పాటు అన్నయ్య భరించగలిగితే అదే డబ్బు పదమూడు నెలలు వస్తుంది, జూన్ నెట్ ఫలితం కూడా చూడవచ్చు. అందుకే అన్నయ్యతో ‘చేరాలా వద్దా’ అని వాదించకండి. ‘నువ్వు ఏడాది పాటు ఇంటి బాధ్యత తీసుకోగలవా’ అని అడగండి. ఆయన కాదంటే అది కూడా నిజమైన సమాచారమే, అప్పుడు రాష్ట్ర యూనివర్సిటీ దారి మీకు ఎంత ఇరుకో స్పష్టంగా తెలుస్తుంది. సెంట్రల్‌లో అయితే నాన్ నెట్ 8,000 మీ ఖర్చును దాదాపు మోసేస్తుంది, పొదుపు ఇంటికి సరిపోతుంది. ఆ 8,000 కూడా ప్రతి నెలా ఒకటో తారీఖున రాదు, మూడు నాలుగు నెలలది ఒకేసారి పడటం మామూలే. జేఆర్‌ఎఫ్‌లోనూ మొదటి చెల్లింపుకు ఆలస్యం జరుగుతుంది. జాయినింగ్ రిపోర్టు, బ్యాంకు వివరాలు పోర్టల్‌లో ఎక్కాలి, ఆపైన యూనివర్సిటీలో మేకర్, చెకర్ అనే ఇద్దరు ప్రతి నెలా మీ హాజరును ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. వాళ్లలో ఒకరు సెలవులో ఉంటే ఆ నెల డబ్బు ఆగుతుంది. ఏ దారిలో వెళ్లినా మూడు నెలల ఖర్చు చేతిలో ముట్టుకోకుండా ఉంచుకోండి.

ఇక్కడ ఒక ప్రలోభం మీ ముందుకు వస్తుంది, ముందే చెబుతాను. ‘పార్ట్‌టైమ్‌గా రిజిస్టర్ చేయించుకుని ఉద్యోగం చేసుకో, రెండూ నడుస్తాయి’ అని ఎవరో ఒకరు అంటారు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని నిబంధనలు ఒప్పుకుంటాయి, మీ కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం ఉంటే చాలు. కానీ జేఆర్‌ఎఫ్ ఫుల్‌టైమ్ వారికే. పార్ట్‌టైమ్‌లో చేరాక జేఆర్‌ఎఫ్ వస్తే, ఫుల్‌టైమ్‌కు మార్చమని యూనివర్సిటీని అడగాలి, అది వాళ్ల నియమాల మీద, గైడ్ సీట్ల మీద ఆధారపడి ఉంటుంది. ఇంకొందరు ఫుల్‌టైమ్‌గా చేరి, చెప్పకుండా ఉద్యోగం కూడా చేస్తారు. మొదట్లో గడిచిపోతుంది. జేఆర్‌ఎఫ్ వచ్చాక వేరే జీతం తీసుకోవడం లేదని సంతకం పెట్టాలి, అప్పుడు పాత జీతం ఎంట్రీలు బయటికి వస్తే తీసుకున్న డబ్బు తిరిగి కట్టమంటారు. నా అభిప్రాయం అడిగితే, జేఆర్‌ఎఫ్ మీద నిజంగా ఆశ ఉన్నంతవరకు పార్ట్‌టైమ్ వైపు వెళ్లకండి. ఆ ఆశ వదులుకుని, ఉద్యోగంతోనే నెమ్మదిగా చేయాలని నిర్ణయించుకుంటే మాత్రం అది కూడా గౌరవమైన దారే.

జేఆర్‌ఎఫ్ రాకపోతే అంతా చీకటి అని కూడా అనుకోవద్దు. బీసీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్ ఉంది, ఏటా వెయ్యి మందికి ఇస్తారు, మొత్తం జేఆర్‌ఎఫ్‌తో సమానం. ఎంపిక నెట్ మార్కుల మీదే. జేఆర్‌ఎఫ్ కొద్దిలో తప్పినవారికి ఇది రెండో మెట్టు. ఎస్సీ విద్యార్థులకు ఇలాంటిదే రెండు వేల మందికి ఉంది. మీ విషయం సోషల్ సైన్స్ కాబట్టి భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి, అంటే ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్‌కు కూడా పెట్టుకోవచ్చు, నెలకు 20,000, రెండేళ్లు. దీనికి ముందు పీహెచ్‌డీలో రిజిస్టర్ అయి ఉండాలి. అంటే బయట ఆగి కూర్చున్నవారికి ఇది అందదు, చేరినవారికే అందుతుంది. ఆగడం మంచిదా చేరడం మంచిదా అన్న లెక్కలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీ గైడ్‌కు ఏదైనా ప్రాజెక్టు ఉంటే అందులో రీసెర్చ్ అసిస్టెంట్‌గా కొన్ని నెలలు డబ్బు రావచ్చు, అది కూడా లోపల ఉన్నవారికే ముందు తెలుస్తుంది. తెలంగాణ సెట్ రాయమని ఎవరైనా అంటే రాయండి, కానీ అది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకే, దాంతో ఫెలోషిప్ రాదు.

నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానంటే, సెంట్రల్ ఇంటర్వ్యూకు పూర్తిగా సిద్ధమై వెళ్తాను. అక్కడ వస్తే ఉద్యోగం వదిలి చేరి, నాన్ నెట్ మీద నిలబడి నెట్ రాస్తాను. అక్కడ రాకపోతే నిర్ణయం రెండు విషయాల మీద ఆధారపడుతుంది. గైడ్ నా విషయానికి సరిపోతారా, అన్నయ్య ఏడాది పాటు ఆసరా ఇస్తాడా? రెండూ ఉంటే రాష్ట్ర యూనివర్సిటీలోనే కొనసాగుతాను. గైడ్ బాగున్నా ఇంటి ఆసరా లేకపోతే, ఏడు నెలల తర్వాత ఏం చేయాలో ముందే గైడ్‌తో మాట్లాడి, ఐసీఎస్‌ఎస్‌ఆర్ దరఖాస్తు తేదీ చూసుకుని అప్పుడు నిర్ణయిస్తాను. గైడ్ సరిపోకపోతే మాత్రం, మీ అన్నయ్య చెప్పినట్టు ఉద్యోగంలో ఉండి ఆగడమే మేలు. నచ్చని విషయాన్ని డబ్బు లేకుండా ఆరేళ్లు మోయడం ఎవరివల్లా కాదు. మీ ఊరి సంగతి మీకు తెలుసు, మీ ఇంటి సంగతి ఇంకా బాగా తెలుసు. ఈ లెక్కల్లో నేను తప్పు అంచనా వేసినవి ఉంటే మీ అంకెలు పెట్టి మళ్లీ చూసుకోండి.

ఏ దారి తీసుకున్నా ఈ వారంలోనే ఒక పని చేయండి. మీ సేవలో బీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి, కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే కావాలని స్పష్టంగా అడగండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు కాబట్టి మీ కులం అందులో ఉందో లేదో అప్పుడే చూసుకోండి. నెట్ వయసు సడలింపులో మీకు మహిళగా హక్కు ఎలాగూ ఉంది కానీ, ఓబీసీ కటాఫ్, ఓబీసీ జాతీయ ఫెలోషిప్, సెంట్రల్ యూనివర్సిటీ రిజర్వేషన్ ఈ మూడూ ఆ ఒక్క కాగితం మీదే నిలబడతాయి. దాని మీద తేదీ పాతదైతే ఇంటర్వ్యూ రోజున వెరిఫికేషన్ టేబుల్ దగ్గరే ఆపేస్తారు.